ఆపా గోదడీ, స్పెయిన్ వాళ్లకు రాసిన అర్జీ

ఫిబ్రవరి 11 రాత్రి ఇషా నమాజ్ అయ్యాక మాచర్ల విలేకరి పంపిన వార్త దిద్దుకుంటూ కూర్చున్నాను. మాడ్రిడ్ నుంచి ఆపా ఫోన్. "సలామతీగా చేరాం రే" అంటుందనుకున్నా. "సామాన్ నై ఆయా రే" అంది.

ఆపా, దుల్హాభాయ్ మొదటిసారి దేశం దాటారు. భాంజా అక్కడ ఆరేళ్లుగా ఉద్యోగం చేస్తున్నాడు. వాడికి కొడుకు పుడితే చూడటానికి వెళ్లారు. నరసరావుపేట నుంచి కారులో హైదరాబాద్, అక్కడి నుంచి ఒక కంపెనీ విమానంలో గల్ఫ్ దాకా, గల్ఫ్ నుంచి స్పానిష్ మాట్లాడే ఇంకో కంపెనీ విమానంలో మాడ్రిడ్. రెండు సూట్‌కేసులు ఇచ్చారు, ఒకటే దిగింది. దిగింది మిరప్పొడి, గోంగూర పచ్చడి, కందిపొడి ఉన్న పెట్టె. రానిది బట్టల పెట్టె. అందులో దుల్హాభాయ్ ఉన్ని కోటు, స్వెట్టర్లు, ఆపా చీరలు, పాపాయికి కుట్టించిన బట్టలు. వాటన్నిటి కింద ఒక గోదడీ.

మన ఇళ్లలో గోదడీ అంటే చెప్పనక్కర్లేదు. తెలుగులో బొంత. అది మా అమ్మీ కుట్టింది. గురజాలలో ఉన్నప్పుడు తన పాత చీరలు చింపి, పొరలు పేర్చి, చేత్తో కుట్టి, "నా పోతే కే బచ్చే కో" అని ట్రంకు పెట్టెలో దాచింది. అమ్మీ పోయి నాలుగేళ్లయింది. ఆ గోదడీని ఆపా చేతి సంచిలో పెట్టుకోవాల్సింది. బరువని పెట్టెలో వేసింది. నగలు మాత్రం పర్సులోనే పెట్టుకుంది, అల్హందులిల్లాహ్.

ఈ కథ చెప్పడానికి కారణం ఉంది. ఇప్పుడు మన ఊళ్ల నుంచి పిల్లల దగ్గరికి వెళ్లే అమ్మీ అబ్బాలు చాలామంది. పెట్టె పోతే మనవాళ్లు చేసేది రెండే రకాలు. "ఖిస్మత్, జానేదో" అని వదిలేస్తారు. లేదా నాలుగు పేజీల గోడు రాస్తారు. నేను రెండో రకం. ఎలా తప్పు చేశానో, ఎలా దిద్దుకున్నామో చెబుతాను.

మాడ్రిడ్ విమానాశ్రయంలో బెల్టు ఆగిపోయింది. దుల్హాభాయ్, "బయట పిల్లాడు ఎదురుచూస్తున్నాడు, రేపు వచ్చి అడుగుదాం" అని బయల్దేరబోయాడట. అక్కడ ట్రాలీలు సర్దుతున్న ఒక పాకిస్తానీ కుర్రాడు వీళ్ల ఉర్దూ విని, "చచా, ఈ తలుపు దాటి వెళ్లొద్దు. ముందు ఆ కౌంటర్‌లో రాయించండి" అన్నాడు. అల్లా ఆ పిల్లాణ్ని చల్లగా చూడాలి. కౌంటర్‌లో రాసిచ్చిన కాగితం పేరు పి.ఐ.ఆర్. మన పల్నాడు వాళ్లకు అర్థమయ్యేలా చెప్పాలంటే అది ఎఫ్‌.ఐ.ఆర్‌.కు తమ్ముడు. సామాను రాలేదని విమానాశ్రయం దాటకముందే రాయించుకున్న కాగితం. అది లేకుండా బయటికి వస్తే, పెట్టె వాళ్ల చేతిలోనే పోయిందని రుజువు చేసే భారం మన నెత్తిన పడుతుంది.

ఎఫ్‌.ఐ.ఆర్. నమోదైనంత మాత్రాన న్యాయం జరిగిపోదని మనకు తెలుసు కదా. ఇదీ అంతే. పి.ఐ.ఆర్. ఇచ్చాం కాబట్టి డబ్బు వస్తుందని చాలామంది అనుకుని కూర్చుంటారు. ఆ కాగితం పెట్టెను వెతకడానికి మాత్రమే. నష్టం ఇమ్మని అడగడం వేరు, అది విడిగా, రాతపూర్వకంగా అడగాలి.

ఆ కౌంటర్‌లోనే ఇంకో చిక్కు వచ్చింది. స్పెయిన్‌లో ప్రతి మనిషికీ రెండు ఇంటిపేర్లు ఉంటాయి, తండ్రిది ఒకటి, తల్లిది ఒకటి. వాళ్ల ఫారంలో రెండు గళ్లు. మన పాస్‌పోర్టుల సంగతి మీకు తెలిసిందే. ఆపా పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీ, పేరు గడిలో ముందు షేక్. దుల్హాభాయ్‌కి షేక్ ఇంటిపేరు గడిలో ఉంది. కౌంటర్ ఆమె ఏమనుకుందో ఏమో, పెట్టెను "షేక్" పేరు మీద రాసేసింది. నరసరావుపేటలోనే ఎంతమంది షేక్‌లున్నారో, ఇక ప్రపంచంలోని విమానాశ్రయాల్లో ఎంతమందో! అందుకే పేరు కన్నా ట్యాగ్ ముఖ్యం. హైదరాబాద్‌లో పెట్టె ఇచ్చినప్పుడు బోర్డింగ్ పాస్ వెనక ఒక చిన్న స్టిక్కర్ అంటిస్తారు. దాని మీద పది అంకెలు. మొదటిది పక్కన పెడితే తర్వాతి మూడు ఏ కంపెనీ ట్యాగ్ ఇచ్చిందో చెబుతాయి, చివరి ఆరు ఆ పెట్టె వరుస సంఖ్య. దుల్హాభాయ్ ఆ స్టిక్కర్‌ను చింపి పారేయకుండా పర్సులో దాచుకున్నాడు. కరెంటు బిల్లు రసీదులు కూడా ఇరవై ఏళ్లవి దాచే మనిషి. ఎప్పుడూ వెక్కిరించేవాణ్ని, ఆ రోజు మాత్రం నోరు మూసుకున్నా.

పెట్టె గుర్తులు చెప్పమంటే "నల్లది, చక్రాలున్నది" అన్నారు. నల్లవి, చక్రాలున్నవి వేలల్లో ఉంటాయి. విమానాశ్రయాల దగ్గర పెట్టెల ఆకారాల బొమ్మల పట్టిక ఉంటుంది, రంగుకో సంకేతం. నలుపంటే BK. దీంతోపాటు లోపల ఏముందో కూడా చెప్పాలి. ట్యాగ్ ఊడిపోయిన పెట్టెను చివరికి తెరిచి చూసేటప్పుడు అదే ఆనవాలు. "పైన ఆకుపచ్చ దుపట్టా ముక్క కట్టాను, లోపల రంగురంగుల గోదడీ ఉంది" అని ఆపా మర్నాడు చెప్పింది. భాంజా ఫోన్ చేసి ఆ ఆనవాళ్లు చేర్పించాడు, పేరును కూడా టికెట్‌లో ఉన్నట్టే సరిచేయించాడు.

ఇక నా సంగతి. నాలుగో రోజున వాడు, "మామూ, కంపెనీకి కంప్లయింట్ రాయాలి, మీరు రాసివ్వండి, నేను స్పానిష్‌లోకి మార్చి పంపుతా" అన్నాడు. నాకు ఆ పని కొత్తా? పల్నాడు జిల్లా అయ్యాక, 2022 ఏప్రిల్ నుంచి కలెక్టరేట్ మా ఊళ్లోనే ఉంది. సోమవారం వచ్చిందంటే అర్జీ రాసిపెట్టమని ఎవరో ఒకరు మా ఆఫీసు మెట్లెక్కుతారు. "మహారాజశ్రీ కలెక్టరు గారి దివ్య సముఖమునకు" అని మొదలుపెట్టి, ముత్తాత కాలం నుంచి జరిగింది చెప్పి, కన్నీళ్లు పెట్టించి, "తమరే దిక్కు" అని ముగిస్తే గానీ అర్జీ అనిపించదు మనకు. ఉర్దూ మీడియం రోజుల్లో నేర్చుకున్న దరఖాస్త్ ఇంకా ఘనం. "బఖిద్మత్ జనాబ్-ఎ-ఆలీ" అని మొదలు, "ఫిద్వీ" అని సంతకం. నాలుగు పేజీలు రాశాను. ఆపా మోకాళ్ల నొప్పి రాశాను, మాడ్రిడ్ చలి రాశాను, అమ్మీ ఇంతికాల్ రాశాను, మీ కంపెనీకి సిగ్గుండాలని కూడా రాశాను.

భాంజా చదివి కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మామూ, చాలా బాగుంది. కానీ ఇందులో ట్యాగ్ నంబరు లేదు" అన్నాడు.

నిజమే. నాలుగు పేజీల్లో ట్యాగ్ నంబరు లేదు, పి.ఐ.ఆర్. నంబరు లేదు, ఎంత కావాలో లేదు. రోజుకు వందల ఫిర్యాదులు చూసే క్లర్కుకు కావాల్సింది ఆ మూడే. ఆ మూడూ లేకపోతే ఎంత కన్నీరున్నా, "వివరాలు పంపగలరు" అని ఒక జవాబు కొట్టి ఫైలు పక్కన పడేస్తాడు. ముప్పై రోజులు పోతాయి.

అప్పుడు కూర్చుని నియమాలు చదివాం. దీనికంతటికీ మూలం 1999లో కెనడాలోని మాంట్రియల్‌లో కుదిరిన ఒప్పందం. భారత్ 2009లో అందులో చేరింది, స్పెయిన్ అంతకు ముందే ఉంది. అందులో 17వ అధికరణం మూడో భాగం మనకు ముఖ్యం. పెట్టె రావాల్సిన రోజు నుంచి 21 రోజులు గడిచినా రాకపోతే, కంపెనీ ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా, పోయిన పెట్టె కింద మన హక్కు మనం అడగవచ్చు. "ఇంకా వెతుకుతున్నాం" అన్న మాట ఆ తర్వాత చెల్లదు. ఆ 21 రోజుల లోపు అడగాల్సింది వేరు. చలికి కోటు, లోదుస్తులు, సబ్బు, బ్రష్ లాంటివి కొనుక్కుంటే వాటి ఖర్చు. భాంజా ప్రతి రసీదూ దాచాడు, 212 యూరోలు అయింది. ఇక్కడ దుబారా చేయకూడదు. పోయింది పాత కోటైతే ఖరీదైన కోటు కొని ఇమ్మంటే ఎవరూ ఇవ్వరు.

ఫిబ్రవరి 11కు 21 కలిపితే మార్చి 4. ఐదో తారీఖున రాయాలని పెట్టుకున్నాం. అప్పటికి రమజాన్ మొదలైంది. ఇఫ్తార్ అయ్యాక నేనిక్కడ, మా ఇఫ్తార్ అయిన నాలుగైదు గంటలకు వాడక్కడ, ఫోన్ మీద కూర్చున్నాం.

మొదటి తగవు క్రియ దగ్గర వచ్చింది. డబ్బు "ఇవ్వండి" అని ఎలా అడగాలి? స్పానిష్‌లో "ఎక్సీహో" అంటే ముతాలిబా, గట్టిగా డిమాండ్ చేయడం. "రుయేగో" అంటే మన గుజారిష్, ఇల్తిజాకు దగ్గర. వీటి మధ్య "సొలిసీతో" ఉంది, అంటే దరఖాస్త్ పెట్టడం, హక్కున్నవాడు నిమ్మళంగా కోరడం. నేను మొదటిది పెట్టమన్నాను. వాడు వద్దన్నాడు. అక్కడ ఆఫీసు ఉత్తరంలో ఎక్సీహో అంటే తలుపు బాదినట్టట. రుయేగో అంటే మర్యాదే గానీ డబ్బు దగ్గర మరీ వంగినట్టుంటుంది. మధ్యది ఖాయం చేశాం. మర్యాదంతా "ఉస్తేద్" వల్ల వస్తుందన్నాడు. అది మన "ఆప్" లాంటిది. "తూ" అంటే అక్కడా తూ యే! ఉత్తరం మొత్తంలో ఒక్కచోట కూడా తూ రాకూడదు, కోపం వచ్చినా సరే. కోపాన్ని క్రియలో చూపకుండా గడువులో చూపాలి. "వీలైనంత త్వరగా" అని రాస్తే ఎవరికీ త్వర ఉండదు. "30 రోజుల్లోగా" అంటే ముప్పై ఒకటో రోజు ఒకటి ఉంటుందని వాళ్లకు అర్థమవుతుంది.

ఈ మాటల వెతుకులాటలో నాకొక సరదా దొరికింది. ఒప్పందం స్పానిష్ ప్రతిలో పాడైన సామానుకు "అవేరియా" అనే మాట ఉంది. అది అరబీ నుంచి వచ్చిందే. గుర్రం మీద వేసే జంట సంచిని వాళ్లు "అల్‌ఫోర్‌హా" అంటారు, అరబీ అల్-ఖుర్జ్, మన పెద్దలు అనే ఖుర్జీ. మనం "ఫలానా వాడు" అంటాం కదా, వాళ్లూ "ఫులానో" అంటారు. అందలుస్ వదిలి వచ్చి ఐదు వందల ఏళ్లు దాటినా మాటలు వెళ్లలేదు. ఇటు చూస్తే తెలుగులో ఫిర్యాదు, అర్జీ, రసీదు, హక్కు, జవాబు, వసూలు, వకీలు. ఫిర్యాదు చేయడానికి కావాల్సిన మాటలన్నీ మన వైపు నుంచి వెళ్లినవే. తెలుగు డిగ్రీలో మా మాస్టారు ఇవన్నీ అన్యదేశ్యాలని రాయించేవారు. అన్యమో కాదో గానీ, అవి తీసేస్తే తెలుగువాడు కోర్టు మెట్లెక్కలేడు.

సరే, ఉత్తరం. విషయం అన్నచోట వాడు ఇలా కొట్టాడు. కంపెనీ పేరు తెలియకుండా దాని రెండక్షరాలకు బదులు XX పెట్టాను.

```
Reclamación: pérdida de equipaje. PIR MADXX48213
```

మొదటి మూడక్షరాలు విమానాశ్రయం, తర్వాతి రెండు కంపెనీ, చివరి ఐదు అంకెలు కేసు. క్లర్కు మెయిలు తెరవకముందే ఫైలు ఏదో తెలుస్తుంది. కింద ఉన్నది మొత్తం ఇంతే, తెలుగులో చెబుతున్నా:

"మాన్యులారా, మేము ఇద్దరం 2025 ఫిబ్రవరి 11న మీ విమానంలో మాడ్రిడ్ చేరాము. హైదరాబాద్‌లో అప్పగించిన మా సూట్‌కేసు ఒకటి రాలేదు. దాని ట్యాగ్ సంఖ్య ఇది, అదే రోజు విమానాశ్రయంలో రాయించిన రిపోర్టు సంఖ్య పైన ఉంది. నేటికి 21 రోజులు దాటాయి. కనుక మాంట్రియల్ ఒప్పందం 17(3) ప్రకారం దీన్ని పోయిన సామానుగా పరిగణించాలి. అందులో మా ఇద్దరి వస్తువులూ ఉన్నాయి. ఎవరివి ఏవో తెలిపే జాబితా, కొన్న రసీదులు, ఫొటోలు, బోర్డింగ్ పాసులు, ట్యాగ్ జతచేశాము. వస్తువుల విలువ 1,340 యూరోలు, సామాను లేక పెట్టిన అత్యవసర ఖర్చు 212 యూరోలు, మొత్తం 1,552 యూరోలు. ఈ మొత్తాన్ని 30 రోజుల్లోగా కింది ఖాతాకు చెల్లించవలసిందిగా కోరుతున్నాము. సూట్‌కేసు ఎప్పుడు దొరికినా మాకు చేర్చితే కృతజ్ఞులము. మీ జవాబు కోసం ఎదురుచూస్తూ, గౌరవంతో."

కింద ఇద్దరి పేర్లు, పాస్‌పోర్టులో ఉన్నవి ఉన్నట్టు, ఇద్దరి సంతకాలు. నా నాలుగు పేజీల్లో మిగిలింది ఇది. మోకాళ్ల నొప్పి పోయింది, సిగ్గుండాలి అన్నది పోయింది. చదివి ఆపా, "ఇత్తాయిచ్?" అంది. ఇంతేనా అని.

"మా ఇద్దరి వస్తువులూ" అన్న వాక్యం మీద మాత్రం కాస్త ఆగాలి. మన ఇళ్లలో ఎవరూ నాది నాకు, నీది నీకు అని పెట్టెలు సర్దరు. మియాబీవీ బట్టలు ఒక పెట్టెలో, వంట సామాను ఇంకో పెట్టెలో. ట్యాగ్ మాత్రం ఒకరి పేరు మీదే ఉంటుంది. పెట్టెలు రెండూ దుల్హాభాయ్ పేరు మీదే ఎక్కాయి. ఒప్పందం ప్రకారం గరిష్ఠ పరిహారం ఒక్కో ప్రయాణికుడికి ఇంత అని ఉంది. 2024 డిసెంబరు 28 నుంచి అది 1,519 ఎస్‌.డి.ఆర్‌.లు. ఎస్‌.డి.ఆర్. అంటే అంతర్జాతీయ ద్రవ్యనిధి లెక్కగట్టే ఒక కొలమానం, రోజువారీ రేటును బట్టి మన రూపాయల్లో లక్షా డెబ్బై వేలు, ఆ పైన అవుతుంది. మరి ట్యాగ్ పేరు లేని భార్యకు హక్కుందా?

ఇదే ప్రశ్న స్పెయిన్ నుంచే ఐరోపా న్యాయస్థానానికి వెళ్లింది. నలుగురున్న ఒక కుటుంబం 2008లో బార్సిలోనా నుంచి పారిస్ వెళుతూ తమ సామాన్లన్నీ రెండు సూట్‌కేసుల్లో సర్దుకుంది. రెండూ పోయాయి. నలుగురమూ విడివిడిగా నష్టపోయాం, నలుగురి లెక్కా కట్టమన్నారు వాళ్లు. 2012 నవంబరు 22న న్యాయస్థానం వాళ్ల మాటే నిలబెట్టింది. అదే విమానంలో వెళ్లిన మనిషి వస్తువులు ఇంకొకరి పేరు మీదున్న పెట్టెలో ఉన్నా, పరిహారం అడిగే హక్కు ఆ మనిషికి ఉంది. కాకపోతే ఆ వస్తువులు నిజంగా ఆ పెట్టెలో ఉన్నాయని రుజువు చూపాలి. అందుకే మా జాబితాలో ప్రతి వస్తువు ఎదుట "భర్తవి", "భార్యవి" అని రాశాం. మనవడి బట్టలు ఆపా లెక్కలో వేశాం. మాకు ఇంకో రుజువు అనుకోకుండా దొరికింది. పెట్టె సర్దుతున్నప్పుడు ఆపా కూతురు వీడియో తీసి భాంజాకు పంపింది, "చూడు అమ్మీ ఏమేం తెస్తుందో" అని. ఆ వీడియోలో కోటు ఉంది, చీరలున్నాయి, గోదడీ ఉంది. ఇప్పుడు మా ఇంట్లో ఎవరు విమానమెక్కినా పెట్టె మూసేముందు ఫొటో తీస్తున్నాం.

జాబితాలో అన్నిటికీ ధర వేశాం. కోటు ఎప్పుడు కొన్నారో, ఎంతకు కొన్నారో రాశాం. పాతవాటికి పాత ధరే రాశాం, ఎందుకంటే వాళ్లు వాడకం తగ్గించే కడతారు. మనం ముందే నిజం రాస్తే మిగిలిన జాబితాను కూడా నమ్ముతారు. గోదడీ దగ్గర ఆగిపోయాం.

అమ్మీ చేతి పనికి ఎన్ని యూరోలు? దుల్హాభాయ్ "వదిలేద్దాం, దానికి ధర కట్టడం గునాహ్ లా ఉంది" అన్నాడు. ఆపా ఏమీ అనలేదు. నేను చదివిన దాంట్లో ఇంకో తీర్పు ఉంది. 2010 మే 6న అదే న్యాయస్థానం, పోయిన సామానుకిచ్చే ఆ గరిష్ఠ పరిహారంలో వస్తువు నష్టమే కాక మనసుకు కలిగిన నష్టం కూడా కలిసే ఉంటుందని చెప్పింది. అంటే గోదడీ కోసం బాధ కూడా అడగవచ్చు, కానీ దానికి విడిగా ఇంకో సంచీ లేదు. అన్నీ కలిపి ఆ హద్దు లోపలే. మా మొత్తం ఇద్దరి హద్దుకు చాలా కిందే ఉంది కాబట్టి అడగడానికి చోటుంది. చివరికి ఆపాయే చెప్పింది. "నూటయాభై రాయి. చేత్తో కుట్టింది, పాత గుడ్డలతో చేసింది అని రాయి. అబద్ధం వద్దు. కానీ అది ఉందని వాళ్లకు తెలియాలి." అలాగే రాశాం. జాబితాలో పద్నాలుగో వరుస.

మార్చి 19న జవాబు వచ్చింది. చాలా మర్యాదగా ఉంది, వాళ్ల అదబ్‌కు వంక పెట్టలేం. రెండు మాటలున్నాయి. సామాను మొదటి కంపెనీ మాకు అప్పగించలేదేమో, హైదరాబాద్‌లో ఎక్కించిన వాళ్లను అడగండి అని ఒకటి. అయినా సద్భావంతో కిలోకి 20 యూరోల చొప్పున 23 కిలోలకు 460 యూరోలు ఇస్తాం, తుది పరిష్కారమని సంతకం పెట్టి పంపండి అని రెండోది.

దుల్హాభాయ్ సంతకం పెట్టడానికి సిద్ధం. నలభై మూడు వేలు చిన్న మొత్తమా అన్నాడు. నిజమే, చిన్నది కాదు. కానీ తుది పరిష్కారమని సంతకం పెడితే మళ్లీ నోరెత్తలేం. కిలోల లెక్క పాత వార్సా ఒప్పందం కాలపుది. మాంట్రియల్‌లో లెక్క మనిషికి, బరువుకు కాదు. గోదడీ రెండు కిలోలు తూగుతుందని నలభై యూరోలా? ఇక మొదటి మాటకు జవాబు 36వ అధికరణంలో ఉంది. ఒకే టికెట్ మీద రెండు మూడు కంపెనీలు వరసగా మోస్తే, సామాను విషయంలో మొదటి కంపెనీనీ అడగవచ్చు, చివరి కంపెనీనీ అడగవచ్చు, నష్టం ఎవరి దగ్గర జరిగిందో ఆ కంపెనీనీ అడగవచ్చు. వాళ్లలో వాళ్లు తర్వాత తేల్చుకోవాలి. మనం కావాలంటే గుంటూరు తిరుగుతాం గానీ, వాళ్ల మధ్య తిరగనక్కర్లేదు. విడివిడిగా కొన్న టికెట్లయితే మాత్రం ఈ మాట ఇంత తేలిగ్గా చెల్లదు, అది గుర్తుంచుకోండి.

మర్నాడే రెండో ఉత్తరం వెళ్లింది. మొదటిదాని కన్నా చిన్నది, ఐదు వాక్యాలు. "మీ జవాబుకు ధన్యవాదాలు. 36(3) ప్రకారం చివరి వాహకసంస్థగా మీరు బాధ్యులు. 22(2) ప్రకారం పరిమితి ప్రయాణికుడికి గానీ కిలోకు కాదు, కనుక ఈ మొత్తాన్ని తుది పరిష్కారంగా అంగీకరించలేము. మా కోరిక మార్చి 5 నాటి ఉత్తరంలో ఉన్నట్టే ఉంది. ఆ గడువులోగా పరిష్కారం కాకపోతే 35వ అధికరణం ఇచ్చిన రెండేళ్ల వ్యవధిలో కోర్టును ఆశ్రయించే హక్కును మేము వదులుకోవడం లేదు." చివరి వాక్యం బెదిరింపులా ఉండకూడదని భాంజా పదం పదం తూకం వేశాడు. కోర్టుకు ఈడుస్తాం అనలేదు. హక్కును వదులుకోవడం లేదు అన్నాం. ఆ రెండిటి మధ్య చాలా దూరం ఉంది.

నిజానికి కోర్టుకు వెళ్లాల్సి వస్తే ఎక్కడికి వెళ్లాలో కూడా చూసుకున్నాం. ఆ ఒప్పందంలో ప్రయాణం చివరి గమ్యం ఉన్న దేశంలో కేసు వేయవచ్చని ఉంది. రానూపోనూ ఒకే టికెట్ కాబట్టి గమ్యం తిరిగి హైదరాబాదే అవుతుంది. అంటే మాడ్రిడ్ వకీలును పట్టుకోకుండా ఇక్కడి వినియోగదారుల కమిషన్‌కు వెళ్లే దారి ఉంది. అదృష్టవశాత్తు ఆ అవసరం రాలేదు.

గడువు ఏప్రిల్ 4తో తీరింది. ఆ రోజు ఏమీ రాలేదు. భాంజా అవే రెండు ఉత్తరాలు జతచేసి ఒక్క వాక్యం పంపాడు, గడువు దాటిందని. ఏప్రిల్ 24న అతని ఖాతాలో 1,225 యూరోలు పడ్డాయి. 212 పూర్తిగా ఇచ్చారు. వస్తువులకు 1,013. కోటుకు, బూట్లకు వాడకం తగ్గించారు, దానికి మేం తగవు పెట్టలేదు. వాళ్లు పంపిన లెక్కలో పద్నాలుగో వరుస చూశాను. గోదడీ, 150, తగ్గింపు లేదు. ఎవరు ఆ గడి నింపారో తెలియదు. ఫులానో అనుకోవాలి.

పెట్టె ఇప్పటికీ దొరకలేదు. ఆపా తిరిగొచ్చాక ట్రంకులో అమ్మీ చీరలు ఇంకేమైనా మిగిలాయా అని వెతికింది. రెండు దొరికాయి, ఒకటి ఆకుపచ్చది. అసర్ తర్వాత వరండాలో కూర్చుని కుడుతోంది. ఈసారి చేతి సంచిలో పట్టేంత చిన్నదిగా.